గేటు దాటితే చెల్లని చెయ్యి

"6జీ ఉందా?"

సైటు గేటు దగ్గర వెల్డర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. చివరి ప్రశ్నా ఇదే. ఉందంటే లోపలికి, లేదంటే ఊరికి. ఏ ప్రాసెస్‌లో ఉంది? ఎంత పైపు మీద ఇచ్చాడు? ఎవరి దగ్గర ఇచ్చాడు? టిగ్ టార్చ్ ఆఖరిసారి ఎప్పుడు పట్టాడు? ఈ గొడవంతా ఎవడికి కావాలి! లామినేషన్ మెరుస్తున్న కాగితం ఒకటి కనబడితే చాలు, కాంట్రాక్టరుగారి మనసు కుదుటపడుతుంది.

ఇంతకీ 6జీ అంటే ఏమిటి? పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు. వెల్డరే దాని చుట్టూ వంగి, ఒరిగి, కూలబడి పని కానివ్వాలి. అడ్డం, నిలువు, తలపైన అన్నీ ఆ ఒక్క జాయింట్‌లోనే ఎదురవుతాయి. అందుకే అందులో నెగ్గినవాడికి అన్ని పొజిషన్లూ ఇవ్వవచ్చని ఏఎస్‌ఎంఈ కోడ్ సెక్షన్ 9 ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నది పొజిషన్ల వరకే. మన సైట్లు 'పొజిషన్లు' అన్న మాటను గుటుక్కున మింగి, 'అన్నీ' అన్న మాటను మాత్రం భద్రంగా దాచుకున్నాయి.

ఒక్క వెల్డర్ సంగతి చూద్దాం. టెస్టులో అతనికి 6 అంగుళాల షెడ్యూల్ 80 కార్బన్ స్టీల్ పైపు ఇచ్చారనుకోండి. గోడ మందం దాదాపు 11 మిల్లీమీటర్లు. రూట్ టిగ్‌తో 3 మిల్లీమీటర్లు వేశాడు. మిగతా 8 రాడ్డుతో, అంటే ఆర్క్ వెల్డింగ్‌తో నింపాడు. ముక్కలు కోసి వంచి చూశారు, పగుళ్లు లేవు. పాస్. శభాష్.

ఇప్పుడు ఆ చేతికి ఏమేం చెల్లుతుంది? ఏ ప్రాసెస్‌తో ఎంత మందం వేశాడో, ఆ ప్రాసెస్‌లో దానికి రెట్టింపు దాకా వేయవచ్చు. టిగ్‌లో 6 మిల్లీమీటర్లు, రాడ్డుతో 16. పైపు బయటి వ్యాసం 73 మిల్లీమీటర్లు, ఆపైన ఎంతైనా సరే.

73 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన సైట్లు ఆగవు కాబట్టి మనమైనా ఆగుదాం. 2 అంగుళాల పైపు అని పిలిచేదాని బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. అంటే ఈ 6 అంగుళాల మొనగాడికి 2 అంగుళాల డ్రెయిన్ లైన్ మీద బట్ జాయింట్ వేసే అర్హత లేదు! షెడ్యూల్ 80లో దాని మందం ఐదున్నర మిల్లీమీటర్లే, మొత్తం టిగ్‌తోనే వేసినా మందం లెక్క సరిపోతుంది. ప్రాసెస్ సరిపోతుంది. పొజిషన్ సరిపోతుంది. వ్యాసం ఒక్కటే సరిపోదు. ఆ ఒక్కటి చాలు, ఆ జాయింటు అనర్హుడు వేసిన జాయింటు కావడానికి. అదే లైన్‌లో సాకెట్ వెల్డ్ అయితే అభ్యంతరం లేదు, ఫిల్లెట్‌కి ఈ వ్యాసం పట్టింపు వర్తించదు. ఈ తేడా తెలిసిన సూపర్‌వైజర్లు మీ సైట్‌లో ఎంతమంది? వేళ్లు మడవడం మొదలుపెట్టండి, చెయ్యి నిండితే అదృష్టవంతులే.

ఇంకో తిరకాసు ఉంది. అతను రాడ్డు వేసింది ఎక్కడ? అప్పటికే ఉన్న టిగ్ రూట్ మీద. కోడ్ లెక్కలో అది బ్యాకింగ్ ఉన్న వెల్డింగ్. రేపు ఆర్గాన్ సిలిండర్ రాలేదని "రూట్ కూడా రాడ్డుతో లాగించెయ్యరా" అంటే, ఆ పనికి అతను ఎప్పుడూ పరీక్ష ఇవ్వనే లేదు. బైకు లైసెన్సు చూసి లారీ తాళాలు ఇవ్వడం కాక ఇదేమిటి? లాగించెయ్యమన్న నోరు ఏ రికార్డులోనూ ఉండదు. ఎక్స్‌రేలో జాయింటు పోతే మాత్రం వెల్డర్ నంబరు ఎర్ర ఇంకుతో ఉంటుంది.

సరే, సర్టిఫికెట్ పట్టుకుని ఇంకో కంపెనీకి వెళ్లాడు. చెల్లదు పో అన్నారు. నిజంగానే చెల్లదు. వెల్డర్‌ని పరీక్షించే బాధ్యత సెక్షన్ 9 యజమాని మెడకే కట్టింది. టెస్ట్ పీస్ వెల్డింగ్ జరిగేది యజమాని అజమాయిషీలోనే. ఆ అజమాయిషీని బయటివాళ్లకు అప్పజెప్పడానికి లేదు. ముక్కలు కోయడం, ల్యాబ్ పరీక్షలు మాత్రం బయట చేయించుకోవచ్చు. మరి బస్టాండు పక్క శిక్షణ కేంద్రంలో ఫీజు కట్టించుకుని, గల్ఫ్ ఆశ చూపించి చేతిలో పెట్టే '6జీ సర్టిఫికెట్' సంగతి? పని నేర్పితే సంతోషం. కానీ ఏ యజమానీ లేకుండా పుట్టిన ఆ కాగితం సెక్షన్ 9 లెక్కలో అర్హత పత్రం కాదు. ఈ ముక్క ఫీజు కట్టించుకునే ముందు చెప్తారా? భలేవారే!

నియమం మంచిదే. తన పనికి తానే పూచీ పడమంటోంది. చిక్కంతా దాన్ని వాడే తీరులో ఉంది. మామూలు రోజుల్లో "మా కంపెనీ రూల్ స్ట్రిక్టండీ" అంటూ ఇరవయ్యేళ్ల అనుభవమున్నవాడిని కూడా మళ్లీ టెస్టుకు కూర్చోబెడతారు. ఆ రోజు కూలి ఉండదు, దారి ఖర్చులు అతనివే. అదే షట్‌డౌన్‌లో అర్ధరాత్రి మనుషులు తక్కువైతే? వాట్సాప్‌లో వచ్చిన జిరాక్సు ఫొటో చాలు. స్ట్రిక్టు రూలుకి నైట్ షిఫ్ట్ లేదు కాబోలు.

తమాషా ఏమిటంటే, సక్రమమైన దారి పుస్తకంలోనే ఉంది. రిఫైనరీలు, రసాయన కర్మాగారాల పైపింగ్‌కు వాడే బీ31.3 కోడ్, ఇంకో యజమాని దగ్గర ఇచ్చిన పరీక్షను ఒప్పుకోవచ్చంటుంది. ఓనరు తరఫు ఇన్‌స్పెక్టర్ ఆమోదించాలి. ప్రొసీజర్ అదే గానీ దానికి సమానమైనది గానీ కావాలి. పాత యజమాని నుంచి టెస్ట్ రికార్డు కాపీ తెప్పించుకోవాలి. ఎప్పుడు పాసయ్యాడో, ఆ ప్రొసీజర్‌తో ప్రెజర్ పైపింగ్ మీద ఆఖరిసారి ఎప్పుడు పనిచేశాడో అందులో ఉండాలి. అదీ కుదరకపోతే అసలు పనిలో వేసిన మొదటి జాయింట్‌నే ఎక్స్‌రే తీసి అర్హత ఇచ్చే వెసులుబాటు సెక్షన్ 9లోనే ఉంది. అప్పుడు పరీక్షా అవుతుంది, పనీ అవుతుంది, ఆ రోజు కూలీ ఇవ్వాల్సి వస్తుంది. ఆ చివరి ముక్క దగ్గరే అందరికీ దగ్గొస్తుంది.

ఇక ఆఖరి తేదీ ముచ్చట. ఒక ప్రాసెస్‌లో ఆరు నెలలు చెయ్యి పెట్టకపోతే ఆ ప్రాసెస్ అర్హత పోతుంది. ఎనిమిది నెలలు రాడ్డుతోనే గడిపినవాడికి రాడ్డు ఉంటుంది, టిగ్ ఉండదు. తిరిగి రావాలంటే ఆ ప్రాసెస్‌లో ఒక్క టెస్ట్ పీస్ వేసి పాసైతే చాలు, పోయిందంతా తిరిగొస్తుంది. ఇంత సులువైనదాన్ని కూడా చేయరు. బదులుగా రిజిస్టరు నింపుతారు. ఆడిట్ ముందురోజు నింపుతారు. మూడేళ్ల సంతకాలు, ఒకటే పెన్ను, ఒకటే వాలు, ఒకటే టీ మరక. సెలవు మీద ఊళ్లో వరి కోయిస్తున్న మనిషి కూడా ఆ రిజిస్టరులో టిగ్ వేస్తూనే ఉంటాడు. ఆడిటరుగారు పేజీ తిప్పి, టిక్కు పెట్టి, భోజనానికి లేస్తారు.

మానేసి వెళ్తున్న వెల్డర్ ఎప్పుడైనా ధైర్యం చేసి "సార్, నా టెస్ట్ రికార్డు కాపీ" అని అడిగాడా, జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది కంపెనీ ఆస్తి బాబూ, బయటికివ్వం." కొత్త చోట అతను ఒరిగి, కూలబడి మళ్లీ అదే పరీక్ష రాస్తుంటాడు. పాత చోట తర్వాతి టెండర్ ఫైల్ తెరిచి చూడండి. 'మా దగ్గరున్న అర్హత గల వెల్డర్లు' అన్న జాబితాలో అతని పేరు, ఫొటో, 6జీ కాగితం ఇంకా నిగనిగలాడుతూ ఉంటాయి.