వారం వారం వాగ్దానం, మార్చిలో మతిమరుపు

పొద్దున ఎనిమిదింటికి ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి చూడండి. హాస్టళ్లలోంచి పిల్లలు గుంపులుగా వస్తుంటారు. మెడలో ఐడీ కార్డు, వీపున లాప్‌టాప్, కడుపులో హాస్టల్ ఉప్మా. ఒక్క స్టేషన్ దాటి అమీర్‌పేటలో దిగి, బ్లూ లైన్ ఎక్కి రాయదుర్గం వైపు పోతారు. వాళ్లలో ఎవరినైనా ఆపి అడగండి. "నీ మేనేజరు పోయిన నెల నీకేం మాటిచ్చాడు?" అని. తల గోక్కుంటారు. మేనేజరును అడిగితే? ఆయన తల కూడా గోక్కోడు. మాటిచ్చిన సంగతే ఆయనకు గుర్తుండదు కదా!

ఈ మాటలు ఇచ్చిపుచ్చుకోవడానికే వారం వారం వన్ ఆన్ వన్ అని ఓ తంతు ఉంది. ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో వచ్చిన 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్' పుస్తకంలో ఈ మీటింగ్ గురించి తేల్చి చెప్పాడు. ఇది కింది ఉద్యోగి మీటింగ్. ఏం మాట్లాడాలో అతనే రాసుకుని రావాలి. కనీసం గంటసేపు ఉండాలి. ఇద్దరూ నోట్సు రాసుకోవాలి. మరి మన దగ్గర? అరగంట అని క్యాలెండర్‌లో ఉంటుంది. మేనేజరు పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. పది నిమిషాలు ప్రాజెక్టు స్టేటస్ అడుగుతాడు. మిగిలిన పది నిమిషాల్లో ఇంకో కాల్ వస్తుంది. "గ్రోత్ గురించి నెక్స్ట్ వీక్ మాట్లాడదాం."

ఇదే మనిషి క్లయింటుతో మీటింగ్ అయ్యాక ఎలా ఉంటాడో చూశారా? అరగంటలో మినిట్స్ పంపించేస్తాడు. ఏ పని ఎవరిది, ఏ తేదీకి, ఎందుకు ఆలస్యమైంది, అన్నీ గళ్లు గీసి మరీ. అంటే రాయడం రాక కాదన్నమాట. మన పేరొచ్చేసరికే ఆయన పెన్నులో ఇంకు ఆవిరైపోతోంది! కాబట్టి ఆ మినిట్స్ మనమే రాయాలి. ఎలాగో అమీర్‌పేటలో ఏ బోర్డూ చెప్పదు. జావా నేర్పుతారు, పైథాన్ నేర్పుతారు. మేనేజరు నోటిమాటను కాగితం మీదికి ఎక్కించే కోర్సు మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా లేదు.

ఓ హాస్టల్ అమ్మాయి కథ తీసుకుందాం. మాన్యువల్ టెస్టింగ్‌లో ఉంది. ఆటోమేషన్‌కు మారాలని కోరిక. జనవరి 8న మొదటి మీటింగ్. మేనేజరు ఉదారంగా మాటిచ్చాడు. కోడ్ రిపాజిటరీకి యాక్సెస్ ఇప్పిస్తాడట. వారానికి నాలుగు గంటలు వేరే పని పెట్టడట. ఆ అమ్మాయి ఫిబ్రవరి ఆఖరుకల్లా ఇరవై టెస్టు కేసులు ఆటోమేట్ చేయాలట. చివర్లో ఓ అక్షింత కూడా వేశాడు: "నీలో ప్రోయాక్టివ్‌నెస్ తక్కువమ్మా."

మీటింగ్ అయ్యాక ఆమె మొదట రాసుకున్నదేమిటి? "గ్రోత్ గురించి చర్చించాం. ప్రోయాక్టివ్‌గా ఉండాలన్నారు. ఫాలో అప్ చేయాలి." ఎవరు చేయాలి? ఎప్పటికి? ఏది చేస్తే ప్రోయాక్టివ్ అయినట్టు? ఇది రీక్యాప్ కాదు, సంతాప తీర్మానం.

అదృష్టం బాగుండి పంపే ముందు ఒక్క ప్రశ్న అడిగింది. "సార్, ఏ రోజు, ఎక్కడ అలా అనిపించింది?" అప్పుడు నిజం బయటపడింది. సోమవారం రిలీజ్ కాల్‌లో పేమెంట్ పేజీ బగ్ సంగతి ఆమెకు ముందే తెలుసు. క్లయింట్ అడిగేదాకా నోరు విప్పలేదు. ఇదీ ఫీడ్‌బ్యాక్ అంటే! రోజుంది, చోటుంది, జరిగిందేమిటో ఉంది. దాన్ని అలాగే రాసింది. కింద ఓ వాక్యం చేర్చింది: ఇకమీదట పెద్ద బగ్ దొరికితే గంటలోగా గ్రూపులో పెడతాను. తర్వాత మూడు పనులు, ఒక్కోదానికి మనిషి, తేదీ. యాక్సెస్ ఎదురుగా మేనేజరు పేరే, 12వ తేదీకి. ఆఖరి వాక్యం: "తప్పుంటే సరిచేయండి." మొత్తం పది వరుసలు లేవు. అదే సాయంత్రం పంపేసింది.

15న రెండో మీటింగ్. యాక్సెస్ వచ్చిందా? ఇంకా నయం! ఇక్కడే అందరూ బోల్తా పడేది. పాత వాక్యం చెరిపి కొత్త తేదీ వేస్తారు. వేశారంటే ఆలస్యమే మాయం. ప్రతి వారం అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ అమ్మాయి అలా చేయలేదు. ఆ పనిని మెయిల్ పైకి తెచ్చింది. "యాక్సెస్: 12కి అనుకున్నాం, ఇంకా పెండింగ్. కొత్త తేదీ 20." పాతదీ ఉంది, కొత్తదీ ఉంది. "మీరు ఇవ్వలేదు" అన్న నిష్ఠూరం మాత్రం ఎక్కడా లేదు. తేదీలుండగా నిష్ఠూరమెందుకు?

22న మీటింగే జరగలేదు. ఆయన బిజీ. ఆ వారానికీ రెండు వరుసల మెయిల్ వెళ్లింది: మీటింగ్ జరగలేదు, పెండింగ్ ఇవీ. బుధవారం రిలీజ్ కాల్‌లో ముందే బగ్ చెప్పినందుకు క్లయింట్ థాంక్స్ చెప్పిన ముక్క కూడా అందులో చేర్చింది. తిట్టు రాసి మెప్పు వదిలేస్తే ఏడాది చివర తిట్టే మిగులుతుంది మరి. యాక్సెస్ 27న దిగొచ్చింది.

29న అసలు నాటకం. "ఆటోమేషన్ తర్వాత చూద్దాంలే. ముందు క్లయింట్ కమ్యూనికేషన్ మీద ఫోకస్ పెట్టు." గోల్‌పోస్టు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు! పాత గోల్ చెరిపేయాలా? చెరపలేదు. "ఆటోమేషన్: యాక్సెస్ 27న వచ్చింది, ఇరవైలో మూడు పూర్తి, మీ సూచనపై 29 నుంచి ఆపాం." దాని కింద కొత్త గోల్. కొత్తదానికీ కొలత అడిగింది: వారానికో డెమో తనే ఇవ్వాలి.

అన్నీ రాయాలా? అక్కర్లేదు. ఇంట్లో నాన్నకు ఆపరేషన్, పక్క సీటువాడి మీద మేనేజరు విసుర్లు, ఇవి మెయిల్లోకి రాకూడదు. రేపు ఆ మెయిల్ ఎవరి చేతికి ఫార్వర్డ్ అవుతుందో ఎవరికి తెలుసు? జీతం మాట మాత్రం రాయాలి. "హైక్ గురించి అడిగాను, మార్చిలో మాట్లాడదామన్నారు." అంతే. అందులో గొడవేముంది?

ఈ మెయిళ్లతో రేటింగ్ పెరిగిపోతుందని మాత్రం భ్రమ పడొద్దు. టీమ్‌లో ఇంతమందికే మంచి రేటింగ్ అని పైనెక్కడో కోటా గీసేసిన చోట మీ మెయిల్ ఆ గీతను జరపలేదు. అలా వరుస కట్టి ర్యాంకులిచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలించుకుంది. మన దగ్గర కొందరు ఆ పాత చొక్కానే ఇస్త్రీ చేసి తొడుక్కుంటున్నారు.

మార్చి వచ్చింది. ఏడాది పొడవునా ఏం చేశావో రాయమని ఫారం వచ్చింది. మేనేజరుకు గుర్తున్నది పోయిన మూడు వారాలే. "ఆటోమేషన్‌లో నీ ప్రోగ్రెస్ స్లో అమ్మా" అన్నాడు గంభీరంగా. కామెంట్ల గడిలో ఆ మాటే టైపు చేసి ఉంది. ఆ అమ్మాయి వాదించలేదు. స్క్రీన్ షేర్ చేసి నాలుగు మెయిళ్లూ వరుసగా తెరిచింది. 12కి రావాల్సిన యాక్సెస్. 27న వచ్చిన యాక్సెస్. 29న ఆయనే ఆపిన పని. మధ్యలో రెండు రోజులు. రెండు రోజుల్లో మూడు కేసులంటే స్లోనా?

రేటింగ్ మారిందా అంటారా? మారలేదు. "స్లో" అన్న ముక్క మాత్రం గడిలోంచి లేచిపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, బాధగా అడిగాడు:

"ఇవన్నీ మెయిల్లో పెట్టడం ఎందుకమ్మా? మనం మనం మాట్లాడుకుంటే సరిపోదా?"