అత్యంత గోప్యం: వివరాలకు తపాలు రిజిస్టరు చూడుడు

చింతూరులో ఒక హాస్టలు, అందులో వంటపనికి సాయంచేసే కామాటి ఒకామె ఉన్నారనుకుందాం. ఊళ్లో నిజంగా ఉన్న ఏ హాస్టలునీ, ఏ మనిషినీ ఉద్దేశించి కాదు. ఒకరోజు ఆమె పేర కవరొకటి బయల్దేరింది. దాని మీద ఎర్ర సిరాతో, కింద గీతతో సహా, ‘అత్యంత గోప్యం’ అని రాసి ఉంది.

కవరు అంటించకముందే గుమాస్తాగారు తపాలు రిజిస్టరులో పద్దు రాశారు. ‘విషయం’ అనే గడిలో ‘మహిళా ఉద్యోగినిపై లైంగిక వేధింపులు, సాక్షిగా హాజరగుట గురించి’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. ఆ రిజిస్టరు రోజంతా కిటికీ పక్క బల్ల మీద తెరిచే ఉంటుంది. అటెండరు కవరు పట్టుకుని బస్టాండు దగ్గర టీ తాగాడు. శబరి వంతెన దాటేసరికి ఎదురైన కామాటిని చూసి, దూరం నుంచే కేకేశాడు: “అక్కా, నీకేదో రహస్యం కాగితం వచ్చిందంట!”

అక్కకు తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాట్లాడేది కోయ. హాస్టల్లో అప్పటికి చదువొచ్చినవారు వార్డెనుగారొక్కరే. ఆయనే కళ్లజోడు తుడుచుకుని, కాగితం విప్పి, చదివి వినిపించారు. ఫిర్యాదు ఎవరి మీదంటే, ఆయన మీదే.

‘తమరు పైన తెలిపిన తేదీన ఉదయం 10.30 గంటలకు కమిటీ ఎదుట హాజరు కావలెను. తమరు చెప్పు విషయములు గోప్యముగా ఉంచబడును. తమకు ఎట్టి ఇబ్బందియు కలుగనీయబడదు. హాజరు కానియెడల తదుపరి చర్యలు గైకొనబడును.’ నాలుగు వాక్యాలు, రెండు హామీలు, ఒక బెదిరింపు. ఎక్కడికి రావాలో చెప్పే వాక్యానికి మాత్రం కాగితంలో చోటు చాలలేదు.

నవ్వు పక్కన పెట్టి చట్టం చూద్దాం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం 2013లో వచ్చింది. సాక్షిని సమన్లు పంపి పిలిపించే విషయంలో కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారం ఉంది. అంటే ఆ కాగితం పెళ్లి శుభలేఖ కాదు, వెళ్లాల్సిందే. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదిదీ, ఆరోపణ ఎదుర్కొనే వ్యక్తిదీ, సాక్షిదీ వివరాలు బయటి జనానికి, పత్రికలకు చెప్పకూడదు. సమాచార హక్కు కింద అడిగినా ఇవ్వకూడదు. విచారణ బాధ్యతలో ఉన్నవారే బయటపెడితే సర్వీసు నిబంధనల కింద చర్య ఉంటుంది. అవి లేనిచోట 5,000 రూపాయల జరిమానా. కానీ తపాలు రిజిస్టరు మీద, టీకొట్టు మీద జరిమానా వేసే సెక్షనేదీ ఇంతవరకు రాలేదు.

మరి ఆ గోప్యత ఎదుటి పక్షం నుంచి కూడానా? ఇక్కడే చాలా ఉత్తరాలు నోరు జారతాయి. ఫిర్యాదు ప్రతి ఆరోపితుడికి అందుతుంది. విచారణ నివేదిక ఇరుపక్షాలకూ ఇవ్వాలి. తన మీద ఎవరో ఏదో అన్నారని మాత్రమే చెబితే ఆయన జవాబు ఏమని ఇస్తాడు? అయితే సాక్షుల భయాన్ని న్యాయస్థానాలు గుర్తించకపోలేదు. 1972లో రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాలలో కొందరు అబ్బాయిలు రాత్రివేళ అమ్మాయిల హాస్టల్లోకి చొరబడ్డారు. ముగ్గురు సభ్యుల కమిటీ అమ్మాయిల వాంగ్మూలాలను ఆ అబ్బాయిలు లేనప్పుడు తీసుకుంది. తర్వాత అబ్బాయిలను పిలిచి, ఫిర్యాదు చేసినవారి పేర్లు చెప్పకుండా, ఆరోపణ మాత్రం వివరించి జవాబు కోరింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. అది ఆ పరిస్థితికి తగిన తీర్పు. అన్ని విచారణల్లోనూ పేరు దాచవచ్చని ముందే మాటిచ్చేయడానికి అది చాలదు.

ఇక ‘ఎట్టి ఇబ్బందియు కలుగనీయబడదు’ అన్న మాట సంగతి. మైదానంలో ఉద్యోగిని బెదిరించాలంటే పై అధికారికి ఒక్క వాక్యం చాలు: “నిన్ను ఏజెన్సీకి పంపించేస్తా.” చింతూరులో ఆ వాక్యం పనిచేయదు. ఇప్పటికే ఏజెన్సీలో ఉన్నవాళ్లను ఇంకెక్కడికి పంపిస్తారు? అందుకని ఇక్కడ కక్ష సాధించడానికి బదిలీ ఉత్తర్వు అక్కర్లేదు. కామాటిది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమైతే, గడువు ముగిసిన రోజున పొడిగింపు కాగితం రాకపోతే చాలు. ఎవరూ ఆమెను తీసెయ్యలేదు. ఆమె పేరు జాబితాలో లేదు, అంతే.

చట్టం ఫిర్యాదిని ఈ విషయంలో కొంత ఆదుకుంది. విచారణ సాగినంతకాలం ఆమె రాతపూర్వకంగా కోరితే బదిలీకో, మూడు నెలల వరకు సెలవుకో కమిటీ సిఫారసు చేయవచ్చు. సాక్షి కోసం అలాంటి ఏర్పాటు రాయలేదు. సాక్షి అబద్ధం చెబితే చర్య తీసుకోమని మాత్రం 14వ సెక్షన్ మరచిపోకుండా చెప్పింది. అందువల్ల ఆ లోటును ఉత్తరం పూడ్చాలి. సాక్షి పొడిగింపు, డ్యూటీ చార్టు, హాజరు లాంటి విషయాలను ఆరోపితుడు ఇకపై చూడరని, ఎవరు చూస్తారో హోదాతో సహా, అందులో ఉండాలి. వేధింపు మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా ఉండాలి. కర్త లేని ‘కలుగనీయబడదు’ వల్ల ఎవరి ఉద్యోగమూ నిలవదు.

మూడో సంగతి వాంగ్మూలం. కామాటి కోయలో చెబుతుంది. సభ్యుల్లో ఒకరు తెలుగులో అర్థం చేసుకుంటారు. గుమాస్తా గ్రాంథికంలో రాస్తారు. “వాడు గది దగ్గరకు వచ్చాడు” అన్నది కాగితం మీదకొచ్చేసరికి ‘ఆరోపితుడు సదరు గది పరిసరములలో సంచరించుచుండెను’ అవుతుంది. గదిలోకి వచ్చాడా, వరండాలో తిరిగాడా? కేసంతా ఆ తేడా మీదే ఉంటుంది. చివర ‘పై వాంగ్మూలము నాకు చదివి వినిపించగా సరియైనదని అంగీకరించి వేలిముద్ర వేసితిని’ అన్న వాక్యం మాత్రం వాంగ్మూలం మొదలవకముందే టైపై ఉంటుంది.

వాంగ్మూలం రాయడంలోనే కాదు, విచారణ ముగించడంలోనూ తొందరపడితే ఏమవుతుందో గోవా విశ్వవిద్యాలయం కేసు చూపించింది. విద్యార్థినుల ఫిర్యాదులపై 2009లో అక్కడి కమిటీ విచారణ జరిపింది. చివరి దశలో హడావిడిగా వాయిదాలు పెట్టి, ఆరోపితుడైన అధ్యాపకుడు గైర్హాజరైతే ఏకపక్షంగా ముగించింది. ఆయన ఉద్యోగం పోయింది. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ తొలగింపును నిలవనివ్వలేదు. విచారణ 2009 మే 5 నాటికి ఎక్కడుందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టమంది.  కమిటీ మిగుల్చుకున్న కొద్ది రోజుల ఖరీదు పద్నాలుగేళ్లు.

కమిటీ అధ్యక్షురాలికి విన్నపం. కవరు మీద ఎర్ర సిరా వద్దు, రిజిస్టరులో ‘విషయం’ గడిలో నంబరు ఒక్కటే చాలు. కవరు మీ సభ్యురాలొకరు నేరుగా ఇచ్చి, కోయలో చదివి చెప్పాలి. విచారణ గది వార్డెను గదికి దూరంగా ఉండాలి. కోయ తెలిసి, హాస్టలుతో సంబంధం లేని ఒకరు పక్కన కూర్చోవాలి. ఆమె అన్న మాట అన్నట్టే రాసి, ఆ భాషలోనే చదివి వినిపించి, తప్పుంటే దిద్దే వీలిచ్చి, అప్పుడు వేలిముద్ర అడగండి. ఆమె మాటలు ఎదుటివారికి ఎంతవరకు తెలుస్తాయో ఉత్తరంలోనే నిజం చెప్పండి. ఆ నిజం విన్నాక కూడా ఆమె వస్తే, ఆరోజు కూలి, బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపండి.