కాచో నఫో, చోఖ్ఖో నఫో

మా రోజుల్లో లాభం అన్న మాట ఏడాదికి ఒక్కసారే అనేవాళ్లం. దీపావళికి ముందు సరుకంతా కిందికి దించి లెక్కపెట్టి, మెహతాజీ ఎర్ర బట్ట చుట్టిన చోపడా ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుంటే గానీ ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఇప్పుడు మా మనవడు రోజుకు మూడు సార్లు అంటాడు. పళ్లు తోముకుంటూ ఫోను చూసి ఒకసారి, అన్నం తింటూ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి.

మాది కరీంనగర్ వైపు. సాంచాలు నడపడానికి సూరత్ వచ్చి నలభై ఏళ్లు దాటింది. లింబాయత్‌లో కొన్నాళ్లు ఉండి డిండోలిలో ఇల్లు కట్టుకున్నాం. ముందు గదిలో చీరల దుకాణం, వెనక కాపురం. ఇప్పుడు ఆ ముందు గది మనవడిది. చీరల ఫొటోలు తీసి ఫోనులో పెడతాడు. ఆర్డర్లు వస్తే కొరియర్‌లో పంపుతాడు. ఎక్కడి నుంచో అడుగుతారు, ఎక్కడికో పోతాయి. కొనే మనిషి ముఖం చూడని వ్యాపారం. సరే, కాలం మారింది, దాని మీద నాకు గొడవ లేదు. నా గొడవల్లా లెక్క మీద.

ఈ దీపావళి ముందు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

“తాతా, మూడు నెలల్ల తొమ్మిది వందల చీరలమ్మిన. మూడు వందలకు కొన్నది అయిదు వందలకు అమ్మిన. చీరకు రెండు వందలు. లక్షా ఎనభై వేల లాభం!”

“ఏడున్నయ్‌రా పైసలు?” అన్నాను.

అక్కడ ఆగిపోయాడు. బ్యాంకులో లేవు. గల్లాలో లేవు. పైగా మార్కెట్‌లో షావుకారికి ఇవ్వాల్సింది కొంత మిగిలే ఉంది. లాభం వచ్చింది, డబ్బు రాలేదు. ఇదేం చోద్యమని వాడికి బెంగ పట్టుకుంది, అందుకే నా దగ్గరకొచ్చాడు. లేకపోతే ఈ ముసలాణ్ని ఎవరు అడుగుతారు?

మా మెహతాజీ గుజరాతీలో రెండు మాటలు చెప్పేవాడు: కాచో నఫో, చోఖ్ఖో నఫో. పచ్చి లాభం, కడిగిన లాభం అన్నమాట. మన తెలుగు వాణిజ్య పుస్తకాల్లో వీటినే స్థూల లాభం, నికర లాభం అంటారు. నాకు మెహతాజీ మాటలే ఇష్టం. పచ్చిగా ఉన్నది తినడానికి పనికిరాదని పేరులోనే ఉంది.

పచ్చి లాభం తేలాలంటే ముందు అమ్మిన సరుకు మనకెంత పడిందో తెలియాలి. ఇక్కడే మావాడు మొదటి తప్పు చేశాడు. మూడు వందలు బిల్లు మీది ధర. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి డిండోలికి టెంపో కిరాయి, హమాలీ కలిపి చీరకు ఆరు రూపాయలు పడింది. అంచుకు లేసు కుట్టించడానికి పద్నాలుగు రూపాయలు. సరుకును అమ్మకానికి సిద్ధం చేసేదాకా అయినదంతా సరుకు ధరే. అంటే ఆ చీర మూడు వందల ఇరవైకి పడింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఏది కొన్నాడు, ఏది అమ్మాడు, ఏది మిగిలింది అన్నది వాడు చూడలేదు. మూడు నెలల మొదట్లో అరలో రెండు వందల చీరలు ఉన్నాయి, అవీ అదే ధరవి. వాటి ఖరీదు 64,000. తర్వాత వెయ్యి చీరలు తెచ్చాడు, అన్నీ కలిపి 3,20,000. మొత్తం 3,84,000 రూపాయల సరుకు చేతికి వచ్చింది. ఇందులో అరలో ఇంకా ఉన్నది తీసేస్తే బయటికి పోయినదాని ఖరీదు వస్తుంది. మొదట ఉన్నది, కొన్నది కలుపు, మిగిలింది తీసెయ్. మా రోజుల్లో అయిదో తరగతి చదివినవాడు చేసేవాడు ఈ లెక్క.

“అయితే మిగిలినయి లెక్కవెట్టు” అన్నాను. ఫోను తీశాడు. “అరల ఉన్నయి ఫోనుల ఎట్ల కనవడతయ్‌రా, కిందికి దించు” అన్నాను.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. మూడు వందలు ఉండాలి, రెండు వందల తొంభై ఆరే ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాం. నాలుగు చీరలు ఏమయ్యాయి? వంటింట్లోంచి మా ఆవిడ అంది, “బతుకమ్మకు ఆడబిడ్డలకు పెట్టిన గద.” ఇలాంటివి అమ్మకంలో రాయకూడదు, నష్టంలో రాయకూడదు. యజమాని ఇంటికి వాడుకున్నాడని పడ్డ ధరకే కొన్న సరుకులోంచి తీసేయాలి. అలా తీస్తే అమ్మిన సరుకు ఖరీదు మారదు, కాబట్టి ఇక్కడ మూడు వందలు మిగిలినట్టే లెక్క చెబుతాను.

అసలు ఇబ్బంది వేరే మూటలో బయటపడింది. వాడు పంపింది పదకొండు వందల చీరలు. రెండు వందలు తిరిగొచ్చాయి. ఇంటి దగ్గర డబ్బిచ్చే పద్ధతిలో కొంతమంది తలుపు తీసి వద్దంటారట! తిరిగొచ్చిన వాటిలో ముప్ఫై చీరలు పాడయ్యాయి. ఒకదానికి నూనె మరక, ఒకదానికి లేసు ఊడింది, ఒకటి ఎవరో కట్టుకుని మడతపెట్టి పంపారు, మడతలో పసుపు కూడా ఉంది. మావాడు వీటినీ మూడు వందల ఇరవై చొప్పున రాయబోయాడు. ఆ చేతిని పట్టుకున్నాను. మిగిలిన సరుకుకు పడ్డ ధర ఒకటి, అమ్మితే వచ్చే ధర ఒకటి. రెంట్లో ఏది తక్కువైతే అదే రాయాలి. ఆ ముప్ఫైకీ వంద రూపాయలకు మించి ఎవరూ ఇవ్వరు. కాబట్టి మంచివి 270, వాటికి 86,400. పాడైనవి 30, వాటికి 3,000. మిగిలింది 89,400.

3,84,000లోంచి అది పోతే 2,94,600. ఇదీ అమ్మిన సరుకు ఖరీదు. అమ్మకం 4,50,000, జీఎస్టీ పక్కన పెట్టే చెబుతున్నాను, అది ఎలాగూ మన సొమ్ము కాదు. పచ్చి లాభం 1,55,400.

మిగిలిన సరుకును ఎక్కువ చేసి రాస్తే ఏమవుతుందో చూశారా? అమ్మిన సరుకు ఖరీదు తగ్గుతుంది, లాభం ఉబ్బుతుంది. ఎవరి జేబులోంచీ రూపాయి కదలకుండా కాగితం మీదే పుట్టే లాభం ఇది. కానీ ఈసారి మిగిలిందే వచ్చేసారి మొదటి సరుకు. అప్పుడు ఆ ఉబ్బే లాభాన్ని అంతకంతా కిందికి లాగుతుంది. అమ్మే ధర, కొనే ధర మారకుండా పచ్చి లాభం ఒక ఏడు ఎగిరి మరుసటి ఏడు పడిందంటే, మెహతాజీ ముందు అరల వైపు చూసేవాడు, తర్వాతే గల్లా వైపు.

వాడు అడిగిన దానికి జవాబు కూడా ఆ అరలోనే ఉంది. దాదాపు తొంభై వేలు చీరలై కూర్చున్నాయి. మిగతా డబ్బు ఎటు పోయిందో చూడ్డానికి కింది లెక్కకు దిగాం.

పై లెక్కను వర్తకపు ఖాతా అంటారు, కింది దాన్ని లాభనష్టాల ఖాతా. సరుకును తెచ్చి సిద్ధం చేసిన ఖర్చు పైన, దుకాణం నడిపి అమ్మిన ఖర్చు కింద. మార్కెట్ నుంచి తెచ్చిన టెంపో పైన ఉంటుంది, కొనేవాళ్లకు పంపిన కొరియర్ కింద ఉంటుంది. రెండూ బండి కిరాయిలే కదా అని ఒకచోట వేస్తే, చీర దగ్గర తప్పుందో అమ్మే తీరులో తప్పుందో తెలియదు.

కొరియర్ పోను 44,000, తిరిగి రాను 8,000. వద్దన్నవాడి దారి ఖర్చు కూడా మనదే, ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు. ఫోనులో ప్రకటనలకు 30,000. ప్యాకింగ్ చేసే అమ్మాయికి నెలకు తొమ్మిది వేల చొప్పున 27,000. కవర్లకు 5,500. చీరలు పెట్టుకున్న పక్క గది కిరాయి 15,000. కరెంటు, ఫోను 4,500. మొత్తం 1,34,000.

నేను గొణుగుడు మొదలుపెట్టాను. మా రోజుల్లో వంద రూపాయల చీరను నూట పదిహేనుకు అమ్మేవాళ్లం, పచ్చి లాభం చిన్నదే, కానీ కింద ఖర్చు ఏది? ప్రకటన లేదు, కొరియర్ లేదు, వద్దన్నవాళ్లు అరుగు మీదే వద్దనేవాళ్లు. చీర మళ్లీ మడతపెట్టే ఖర్చే.

వాడు ఊరుకోలేదు. “మరి నీ దుకాణం కిరాయి ఏసినవా తాతా? నాయనమ్మ ఫాల్స్ కుట్టిందిగద, ఆమె కూలి ఏసినవా?”

వేయలేదు. ఇల్లు సొంతం, మనిషి సొంతం అనుకున్నాను. వేసి ఉంటే నా చోఖ్ఖో నఫో ఎంత తేలేదో ఈ వయసులో తవ్వి చూడాలని లేదు.

ఇంకో సంగతి. దుకాణానికి ముందు సాంచాల కార్ఖానాలో ఉన్నప్పుడు ఇవే ఖర్చులు వేరే గడుల్లో ఉండేవి. అక్కడ కరెంటు బిల్లు పైన ఉండేది, సాంచా తిప్పేది అదే కాబట్టి. నూలు, అందులో పోయే వేస్టు, కారీగర్ కూలి, అన్నీ గ్రే బట్ట ఖరీదులోకే. చీరల దుకాణంలో అదే కరెంటు ఫ్యాను తిప్పుతుంది, కాబట్టి కింద. జాబ్ పని చేసే కార్ఖానాలో నూలు షావుకారిది, మీటరుకు మజూరీ ఒక్కటే మన అమ్మకం. నూలు ఖరీదు అసలు కనబడదు, కాబట్టి వందకు ఇంత అని చూస్తే పచ్చి లాభం మహా గొప్పగా కనిపిస్తుంది. సొంత నూలు కొని నేసేవాడి పక్కన పెట్టి ఇతనే ఘనుడు అనుకున్నవాళ్లను చూశాను. ఒకే వీధి, ఒకే సాంచాలు, పోల్చడానికి మాత్రం వీల్లేని లెక్కలు.

సరే, మా ముందు గదికి వద్దాం. 1,55,400లోంచి 1,34,000 తీసేశాం. వాడు ఫోనులో ఒకసారి, నేను కాగితం మీద ఒకసారి. రెండూ కలిశాయి. మిగిలింది 21,400. మూడు నెలలకు. అంటే నెలకు ఏడు వేల నూట చిల్లర.

ప్యాకింగ్ అమ్మాయి జీతం తొమ్మిది వేలు.