అర్ధవీడులో ఫ్రాంచైజీ టీ షాపు: ప్రాజెక్టు రిపోర్టుకు పనికిరాని మూడు సలహాలు

పేరున్న టీ కంపెనీ బోర్డు తెచ్చి అర్ధవీడులో షాపు పెడదామనుకునే కుర్రవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వాటిలో మూడు సలహాలు రిపోర్టులోకి ఎక్కాయంటే ఇంట్లో బంగారం కుదువకు పోతుంది. అందుకే వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

1. “మండల కేంద్రం కదా, జనాభా లెక్క రాస్తే చాలు”

మండల జనాభా అంతా మీ గిరాకీ కాదు. నల్లమల అంచున ఉన్న ఊళ్లవాళ్లు రోజూ అర్ధవీడు వచ్చి టీ తాగరు. పెద్ద పని పడితే కంభం పోతారు. రైలు స్టేషనూ పెద్ద అంగళ్లూ అక్కడే ఉన్నాయి.

అద్దెకు తీసుకోబోయే గది ఎదురుగా పొద్దున, ఆఫీసుల వేళ, సాయంత్రం నిలబడి లెక్కపెట్టండి. లెక్కపెట్టాల్సింది దారిన పోయేవాళ్లను కాదు, ఇప్పుడున్న టీ కొట్లలో అమ్ముడయ్యే కప్పులను. పనిరోజూ ఆదివారమూ విడివిడిగా రాయండి. పంట డబ్బు చేతిలో ఆడే నెల ఒకటి, జనం వలస పోయే నెల ఒకటి, రెండూ చూడండి. పక్క కొట్లో పది రూపాయలకు తాగేవాళ్లలో పదిహేనుకు మీ దగ్గరికొచ్చేది ఎందరో వాళ్లనే అడగండి.

నీళ్ల ఖర్చునూ మరవకండి. పశ్చిమ ప్రకాశంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. శుద్ధి చేసిన నీళ్లకు నెలనెలా అయ్యే డబ్బు రిపోర్టులో ఉండాలి.

2. “రాయల్టీ ఆరు శాతమే, లాభంలో పోతుందిలే”

రాయల్టీని మామూలుగా లెక్కగట్టేది అమ్మకం మీద, లాభం మీద కాదు. నష్టమొచ్చిన నెలలోనూ కట్టాల్సిందే. దానిమీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. హోటళ్లు, టీ షాపులు 5 శాతం పద్ధతిలో ఉన్నా, రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్నవైనా, ఆ పన్ను వెనక్కి రాదు. కాబట్టి ఆరు శాతమన్నది మీ చేతినుంచి 7.08 శాతంగా పోతుంది.

రాయల్టీయే లేదనే కంపెనీలూ ఉంటాయి. అప్పుడు పొడి, కప్పులు, బిస్కట్లు వాళ్ల దగ్గరే కొనాలన్న షరతు ఉందేమో చూసి, వాళ్ల ధరను బయటి ధరతో పోల్చండి. తేడా ఎంతుంటే రాయల్టీ అంత. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద, ఒప్పందంలో రాసుకున్నదే ప్రధానం. పక్కనే ఇంకో షాపు ఇవ్వబోమన్న మాట, కనీస రాయల్టీ, గడువు తీరాక కట్టాల్సిన ఫీజు అన్నీ కాగితం మీదికి రావాలి.

3. “రెండున్నరేళ్లలో అసలు తిరిగొస్తుందని రాయి”

ఒక నమూనా లెక్క వేద్దాం. ఫ్రాంచైజీ ఫీజు జీఎస్టీతో 2,36,000, సామాను, ఫర్నిచరు 4,50,000, గది అడ్వాన్సు 50,000, చేతి ఖర్చుకు 64,000. మొత్తం 8 లక్షలు. రోజుకు 5,000 చొప్పున నెలకు లక్షన్నర అమ్మకం అనుకుందాం.

సరుకుకు 67,500, రాయల్టీ, దానిమీద పన్ను కలిపి 10,620, అద్దె 8,000, ఇద్దరి జీతాలు 24,000, కరెంటు, గ్యాసు, నీళ్లకు 14,000 పోతే 25,880 మిగులుతుంది. 8 లక్షలను దీంతో భాగిస్తే 31 నెలలు వస్తుంది. సలహా ఇచ్చినవాళ్లు చూపేది ఈ లెక్కే.

ఇందులో గల్లాపెట్టె దగ్గర పొద్దస్తమానం కూర్చునే మీ కూలి లేదు. దానికి 12,000 తీస్తే మిగిలేది 13,880, అంటే ఏడాదికి 1,66,560. సామాను అయిదేళ్లకు అరిగిపోతుంది, ఒప్పందం గడువూ అయిదేళ్లే అనుకుంటే, సామానుకూ ఫీజుకూ కలిపి ఏటా 1,37,200 పక్కన పెట్టాలి. చివరికి చేతికొచ్చేది 29,360. ఎనిమిది లక్షల మీద నాలుగు శాతం కూడా కాదు. అప్పు తెస్తే వడ్డీకే చాలదు.

అమ్మకం రోజుకు 4,000కు పడితే మీ కూలి కూడా పూర్తిగా రాదు. వలస నెలల్లో అది జరగొచ్చు.

అందుకే రిపోర్టులో 4,000, 5,000, 6,000 అమ్మకాలకు మూడు వరసలు వేయండి. 4,000 వరసలో బ్యాంకు కిస్తీ ఎక్కడినుంచి కడతారో రాయండి. జవాబు దొరక్కపోతే సంతకం చేయకముందే కంపెనీని ఫీజు తగ్గించమనండి, సామాను చిన్న సెట్టు ఇవ్వమనండి, వలస నెలలకు రాయల్టీ మినహాయించమనండి. ఒప్పుకోకపోతే అదే గదిలో సొంత పేరుతో టీ కొట్టు పెడితే ఎంత మిగులుతుందో నాలుగో వరస వేసి చూడండి. ఆ వరసకంటే కంపెనీ బోర్డు ఎక్కువ తెచ్చిపెడుతుందని మీరు లెక్కపెట్టిన కప్పులు చెబితేనే ఫీజు కట్టండి.