ఒంటికన్ను వారికి నా అమూల్యమైన చెడ్డ సలహాలు

రెండేళ్ల కిందట దీపావళికి చిచ్చుబుడ్డి పేలి, దాని మట్టి పెంకు గుచ్చుకుని నా ఎడమ కన్ను పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా తలా ఒక సలహా ఇచ్చి వెళ్లారు. అన్నీ పాటించాను. ఫలితాలు అనుభవించాను కాబట్టి వాటిని మీకు అంటగట్టే అర్హత నాకు వచ్చినట్టే.

ముందుగా, ఏమీ మారనట్టు నటించండి. మంచినీళ్ల కూజాను గ్లాసుకు జానెడు ఎత్తున పట్టుకుని దర్జాగా వంచండి. నీళ్లు గ్లాసుకు ఇవతల బల్ల మీద పడతాయి. రెండు కళ్లూ ఒకే వస్తువును కాస్త వేరు వేరు కోణాల్లో చూస్తాయి. ఆ తేడాను బట్టే మెదడు దూరం కొలుస్తుంది. ఒక కన్ను పోతే ఆ కొలత పోతుంది, అదీ ముఖ్యంగా చెయ్యి చాపేంత దూరంలో. కూజా మూతిని గ్లాసు అంచుకు ఆనించి పొయ్యమని మా ఆవిడ చెప్పింది. చిన్నపిల్లల పద్ధతని నేను ఒప్పుకోలేదు. ఒక్క వారంలో రెండు వార్తాపత్రికలూ ఒక సెల్‌ఫోనూ తడిశాయి.

మెట్లు దిగేటప్పుడు తల కదపకండి. కదిపితే దగ్గరివి ఎక్కువగా, దూరానివి తక్కువగా జరిగి ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది. బస్సు కిటికీలోంచి చూస్తే పక్కనున్న చెట్లు పరుగెత్తి, కొండలు నింపాదిగా నిలబడతాయే, ఇదీ అదే. రెయిలింగ్ కూడా పట్టుకోకండి. చివరి మెట్టు అయిపోయిందనుకుని అడుగు వేయడంలో ఉన్న మజా పోతుంది.

ఎవరైనా జాగ్రత్త చెబితే మన్సూర్ అలీఖాన్ పటౌడీ పేరెత్తండి. 1961లో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో కారు ప్రమాదం జరిగి, అద్దం ముక్క గుచ్చుకుని ఆయన కుడి కంటి చూపు పోయింది. అదే ఏడాది డిసెంబరులో మొదటి టెస్ట్ ఆడి, మరుసటేడు 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యారు. తర్వాత మన హైదరాబాద్ జట్టుకు కూడా ఆడారు. ఆయనంతటివాడు టోపీని కుడి కంటి మీదికి లాక్కుని, ఆటతీరే మార్చుకోవాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం ఎత్తకండి.

ఇక డ్రైవింగ్. కొన్ని నెలలు ఆగమని డాక్టరు అన్నారు, నేను మూడో వారమే కారు తీశాను. నా ఎడమ పక్క ఖాళీ నల్లటి తెరలా కనిపిస్తుందనుకున్నాను. అలా ఏమీ ఉండదు. లేనిది లేనట్టు కూడా తెలియదు. కుడి కంటికి ముక్కు అడ్డం. దాని అవతల అంచున ఉన్న లోకం చప్పుడు లేకుండా మాయమవుతుంది. మన రోడ్ల మీద ఎడమ నుంచే కదా స్కూటర్లు దూరేది! తల బాగా తిప్పి చూసుకోవాలి, అద్దాలు సరిచేసుకోవాలి. నేను తిప్పలేదు. మా గేటు స్తంభం నా తరఫున అడ్డం నిలబడింది, అంతకంటే మెత్తనిది ఏదీ రాలేదు.

లైసెన్సు దరఖాస్తులో ఫారం 1 అని ఒకటి ఉంది. మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా అని అందులో అడుగుతారు. లైసెన్సు వచ్చి అయిదేళ్లు దాటాక ఒక కన్ను పోయినవారి మాట కూడా అక్కడే ఉంది. అయితే అది రవాణా వాహనం కాని తేలికపాటి బండికి, అదీ స్టీరింగ్ వైపు బయటి అద్దం ఉంటేనే. ఇదంతా చదవకుండా టిక్కు పెట్టెయ్యండి. చదివితే డాక్టరు దగ్గరికి వెళ్లి చూపు కొలిపించుకోవాలనిపిస్తుంది.

కళ్లద్దాలు మాత్రం వద్దే వద్దు. ఉన్న కంటికి పవర్ లేదు కదా! పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోమంటారు, దెబ్బకు గాజులా ముక్కలు కావని. చూపు కోసం కాదు, కవచంగా నిద్ర లేచింది మొదలు పెట్టుకోవాలట. మేకు కొట్టేటప్పుడు, గడ్డి కోసే యంత్రం తిప్పేటప్పుడు పక్కలు కూడా మూసిన గాగుల్స్ వేసుకోవాలట. కమండలం కొమ్ములో దూరిన శుక్రాచార్యుడు ఏం పెట్టుకున్నాడు? పాపం, ఆయన కంటికి ఒక్క దర్భపుల్ల చాలింది.

పోయిన కన్ను ఎలాగూ పోయింది, చెకప్‌కు మళ్లీ ఎందుకని మానెయ్యండి. గుచ్చుకుని చీలిన కన్ను వల్ల, అరుదుగానే అయినా, బాగున్న కంట్లో కూడా వాపు రావచ్చు. అది వారాల తర్వాత రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు, ఏళ్లు గడిచాక కూడా రావచ్చు. కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు భరించలేదు, చూపు మసకబారుతుంది. లూయీ బ్రెయిలీకి మూడేళ్లప్పుడు తోలు పనిముట్టు గుచ్చుకున్నది ఒక్క కంటికే. అయిదేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పోయాయి. అలాంటప్పుడు తేనె చుక్క వేసుకుని పడుకోవాలని మా వీధిలో గట్టి నమ్మకం.

పోయిన నెల నా కుడి కన్ను ఎర్రబడింది. తేనె సీసా వైపు కూడా చూడకుండా గంటలో ఆస్పత్రిలో ఉన్నాను. ఉత్త కళ్లకలకేనట.