సమయం చూసి చెప్పేవాడు

నా పేరు రమేష్, వృత్తి ఎలక్ట్రీషియన్. ఇవి మావాడి ఫోన్‌లో నా గురించి ఉన్న వివరాలు. అసలు సంగతేమిటంటే నేను ఆడదాన్ని, మాది వరంగల్, చేసేది బ్యాంకు ఉద్యోగం. మియాపూర్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఏడేళ్లుగా అతనితో ఉంటున్నాను. మొదట్లో వట్టి ‘ఎలక్ట్రీషియన్’ అనే ఉండేది. రమేష్ అన్న పేరు తర్వాత సంపాదించుకున్నాను.

ఒకసారి ఆ ఫోన్ వాళ్ళ నాన్న చేతిలో ఉండగా నా మెసేజ్ వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, “ఎలక్ట్రీషియన్ తిన్నావా అని అడుగుతున్నాడేంట్రా?” అన్నారట. మావాడు తడుముకోకుండా, “మంచోడు నాన్నా” అన్నాడట. ఇంటికొచ్చి ఆ సమయస్ఫూర్తి గురించి నాకే గొప్పగా చెప్పుకున్నాడు.

మావాడి పేరు నేనూ చెప్పను. దాచడం ఒకరి సొత్తేం కాదు.

వాళ్ళది తెనాలి. నాన్నగారు రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి. ఊళ్ళో ఎవరి పొలం ఎవరికి మారినా ముందు ఆయన కలం కిందనుంచి వెళ్ళాల్సిందే. కొడుకు ఫ్లాట్‌లో ఏం జరుగుతోందో మాత్రం ఆయనకింకా దస్తావేజు అందలేదు.

అమ్మానాన్నా నారాయణాద్రి ఎక్కారని కబురు రాగానే మా ఇంట్లో తుఫాను హెచ్చరిక మొదలవుతుంది. మావాడి దగ్గర ఒక జాబితా ఉంది, ఏటా దానికి మెరుగులు దిద్దుతాడు. నా చెప్పులు, బాల్కనీలో ఆరేసిన నైటీ, రెండో బ్రష్షు, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు, బాత్రూమ్ జాలీలో ఉన్నవి వేరే. ఆఫీసులో ఆడిటింగ్ చేసే మనిషి గనక గది గదికీ టిక్కు పెట్టుకుంటూ తిరుగుతాడు. నేను రెండు పెట్టెలతో స్నేహితురాలి హాస్టల్‌కి వెళతాను. వాళ్ళు లింగంపల్లిలో దిగేసరికి ఆ ఇంట్లో ఆడవాసన ఉండకూడదు.

ఇంత చేసినా ఒకసారి అద్దానికి నా బొట్టుబిళ్ళ ఉండిపోయింది. దానికంటే పెద్ద పొరపాటు పోపులపెట్టె. ఆవాలు, మెంతులు, జీలకర్ర ఎక్కడివక్కడ సర్ది, ఎండుమిర్చికి తొడాలు తీసి ఉన్నాయి. వాళ్ళమ్మ మూత తీసి చాలాసేపు చూశారట. “ఇది నీ చేతిపని కాదురా, ఎవరు?” “పనిమనిషమ్మా.” “ఎంతిస్తున్నావు?” “నాలుగు వేలు.” “చవకే. ఇలాంటిది మళ్ళీ దొరకదు, వదులుకోకు” అని చెప్పి, వెళ్ళేముందు ఆ పనిమనిషికిమ్మని ఒక వెంకటగిరి చీర మంచమ్మీద పెట్టి వెళ్ళారు. అత్తవారు పెట్టిన మొదటి చీర. దసరాకి కట్టుకున్నాను, అంచు బాగుంది. ఆ ఫోటో నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మావాడు తనకెలాగూ నా నంబరు ఎలక్ట్రీషియన్‌దే కాబట్టి కంగారు పడలేదు. తన స్టేటస్ సంగతి వేరు. గోవా వెళ్ళినప్పుడు సముద్రం ఫోటో పెట్టడానికి కూడా `My contacts except...` తెరిచి బాబాయిలూ పిన్నులూ మేనత్తలందరినీ ఒక్కొక్కరిగా తీసేశాడు. ఫోటోలో నేను లేను. ఇసుకమీద నా నీడ ఉంది.

ఎప్పుడు చెబుతావని అడిగితే పంచాంగం తీస్తాడు. రాహుకాలంలో కారు కొన్న మనిషి, శకునాలంటే నవ్వే మనిషి, ఈ ఒక్క విషయంలో సిద్ధాంతిగారు. ముందు అక్క పెళ్ళి కావాలన్నాడు. అయింది. తర్వాత తాతగారు పోయారు, సంవత్సరీకం వెళ్ళేదాకా ఇంట్లో శుభం మాట ఎత్తకూడదు. 2020లో కరోనా, ఆ ఏడే అధిక ఆశ్వయుజం. 2023లో అధిక శ్రావణం. మధ్యలో ఏటా ఆషాఢం ఉండనే ఉంది, అది అయితే శుక్రమౌఢ్యం. తెలుగు కాలగణనలో మా సంగతి చెప్పడానికి పనికొచ్చే మంగళవారం ఒక్కటి కూడా లేదని నాకు ఏడేళ్లలో తెలిసింది.

మొదట్లో నేను నమ్మాను. నమ్మడానికి కారణం ఉంది. మేం కలిసిన ఏడాదే, 2018 సెప్టెంబరులో, మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి ఆసుపత్రి బయట భార్య కళ్ళముందే నరికి చంపారు. మా కులాలూ వేరు. ‘భయంగా ఉంది’ అని మావాడంటే నవ్వలేకపోయాను. కానీ భయపడేవాడు ఎలా ఉంటాడో తర్వాత చూశాను. మా బ్యాంకులో ఒక జంట ఇంట్లో దాచారు, స్నేహితులు నలుగురికి చెప్పారు. తాళం ఎవరి దగ్గరుండాలి, సర్టిఫికెట్లు ఎవరింట్లో పెట్టాలి, ఏదైనా అయితే ఏ లాయరుకు ఫోన్ చేయాలి, అన్నీ అనుకున్నారు. ఆర్నెల్లలో పెళ్ళయింది. మావాడు ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ దాచాడు, ఇంజినీరింగ్ స్నేహితుల దగ్గరా దాచాడు. వాళ్ళలో ఇద్దరు కులాంతర వివాహం చేసుకున్నవాళ్ళే! పార్టీలో ఎదురుపడితే “మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు” అని పరిచయం చేస్తాడు. అబద్ధం కాదు. భయపడేవాడికి ఒక తేదీ ఉంటుంది, సుఖపడేవాడికి పంచాంగం ఉంటుంది.

ఈ గొడవంతా లాయరు స్నేహితురాలి దగ్గర ఏకరువు పెట్టాను. 2005 గృహహింస చట్టం పెళ్ళి కాకుండా కలిసి ఉండే ఆడదానికీ కొంత రక్షణ ఇస్తుంది కదా అన్నాను. ఇస్తుంది గానీ అది ‘వివాహం వంటి సంబంధం’ అయి ఉండాలట. 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు దానికి కొలతలు చెప్పింది: పెళ్ళీడు వచ్చి ఉండాలి, పెళ్ళికి వేరే అడ్డు ఉండకూడదు, ఇష్టపూర్వకంగా చాలాకాలం కలిసి ఉండాలి, లోకం ఎదుట భార్యాభర్తల్లా మెలగాలి. మొదటి వాటిలో నాకు నూటికి నూరు. చివరిదాని దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. “మిమ్మల్ని జంటగా చూసినవాళ్ళెవరు?” ఆలోచించాను. వాచ్‌మన్, పాలప్యాకెట్లు వేసే కుర్రాడు, కింద ఫ్లోర్ కుక్క. అద్దె కాగితం మీద బ్యాచిలర్ అనే ఉంది, గ్యాసు అతని పేరున ఉంది. మావాడు నన్ను వాళ్ళమ్మ దగ్గరనుంచే దాచాడనుకున్నాను, అవసరమైతే కోర్టు కూడా వెతుక్కోవాల్సినంత బాగా దాచాడు.

ఆ సాయంత్రం ప్రత్యేక వివాహ చట్టం ఫారం తెచ్చి భోజనాల బల్లమీద పెట్టాను. “పంతులు అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు. 1954 చట్టంలో ఆషాఢం లేదు. నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగితే, ముగ్గురు సాక్షులు చాలు” అన్నాను. మావాడి ముఖం వికసించింది. “ఇదేదో బాగుందే, ఎవరికీ తెలియకుండా అయిపోతుంది!”

“నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు” అన్నాను.

“ఇక్కడే కదా, ఇక్కడ మనల్నెవరు చూస్తారు?”

“శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఒక ప్రతి అక్కడి అధికారికీ పంపుతారు. అక్కడా అంటిస్తారు.”

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. మావాడి కళ్ళముందు రిజిస్ట్రార్ ఆఫీసు, నోటీసు బోర్డు, ఎదురుగా వేపచెట్టు, చెట్టుకింద కళ్ళజోడు వరసగా వచ్చి నిలబడ్డట్టున్నాయి. నా వైపు వివరాలన్నీ నేను నింపేశాను. అతని వైపు పేరు, వయసు, వృత్తి కూడా నేనే రాశాను. శాశ్వత నివాసం అన్న గడి ఒక్కటే అతని కోసం వదిలాను. చెయ్యి కడుక్కొచ్చి, పెన్ను తీసుకుని, మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి అడిగాడు.

“ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉన్నట్టుంది కదా?”

ఫారం తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్ళతో పెట్టాను. శుక్రవారం వాళ్ళమ్మ నారాయణాద్రిలో వస్తున్నారు.