45 రోజుల్లో పండే డెవలపరు

గోదావరి జిల్లాల పట్టణాల్లో కోడింగ్ శిక్షణ తరగతుల తొలిరోజు ప్రసంగం ఒక ప్రత్యేక సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది. ఇందులో వక్త కంప్యూటరు గురించి చెప్పేది తక్కువ, ప్యాకేజీ గురించి, అంటే ఉద్యోగంలో ఏడాదికి ముట్టే మొత్తం జీతం గురించి, చెప్పేది ఎక్కువ. తెరమీద కనబడే పేజీ మొదలు దాని వెనుక వివరాలు దాచే డేటాబేస్ దాకా అన్నీ ఒంటిచేత్తో కట్టగల ఫుల్‌స్టాక్ డెవలపరు 45 రోజుల్లో తయారవుతాడని ఆయన సెలవిస్తాడు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరి కోతకు రావడానికే దాదాపు 150 రోజులు పడుతుందని ఎదుట కూర్చున్న రైతుబిడ్డలకు తెలిసినా, మనిషి వరికంటె మూడురెట్లు త్వరగా పండుతాడన్న ఈ సిద్ధాంతాన్ని వారిలో ఎవరూ ప్రశ్నించరు.

వృత్తి తెలిసిన ఉపాధ్యాయుడి ప్రసంగం ఇంత రమణీయంగా ఉండదు. ఆయన బోర్డు మీద పైథాన్ భాషలో రెండు వరుసలు రాసి, బస్తాకు 75 కిలోల లెక్కన ధాన్యం బరువు చెప్పడం దీని పని అంటాడు.

```python
bags = input("బస్తాలు: ")
print(bags * 75)
```

12 అని కొట్టిన విద్యార్థి 900 కోసం ఎదురుచూస్తే, తెరమీద 12 అన్నది 75 సార్లు వరుసగా అచ్చవుతుంది. `input` ఇచ్చేది సంఖ్య కాదు, స్ట్రింగ్, అనగా అక్షరాల వరుస. స్ట్రింగును 75తో గుణించమంటే పైథాన్ దాన్ని అన్నిసార్లు తిరగరాస్తుంది. యంత్రం తప్పని అనదు, ఆగదు. అడిగింది చేశానన్న ధీమాతో ఉంటుంది. మొదటి వరుసను `int(input("బస్తాలు: "))` అని దిద్దితే 900 వస్తుంది గాని, మరునాడు ఎవరో 12.5 బస్తాలంటే ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగి, చివరి వరుసలో ఇలా చెబుతుంది:

```
ValueError: invalid literal for int() with base 10: '12.5'
```

కొత్తవారు దీన్ని తిట్టుగా భావించి కిటికీ మూసేస్తారు. నిజానికి ఆ వరుస, పూర్ణసంఖ్య అడిగితే 12.5 వచ్చిందని తప్పేమిటో వేలుపెట్టి చూపుతోంది, `int` బదులు `float` రాస్తే సరిపోతుంది.

"తొలి నెలాఖరుకు మీరు చేయగలగాల్సింది ఇంతే: నడపకముందే ఫలితం ఏమొస్తుందో కాగితం మీద రాయడం, తప్పొచ్చినప్పుడు చివరి వరుస ముందు చదవడం, ముప్పై వరుసల ప్రోగ్రామును పక్కవాడి తెర చూడకుండా పూర్తిచేయడం. 45వ రోజున ఉద్యోగం రాదు," అని ఆయన ముగిస్తే, చప్పట్లు రావు సరికదా, మర్నాటికి కొన్ని కుర్చీలు ఖాళీ కావచ్చు, ప్యాకేజీ ప్రసంగానికి గిరాకీ తగ్గకపోవడానికి ఇదే కారణం.

ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు ఆ సంస్థలో శిక్షణ ముగించిన ఎవరికైనా పై రెండు వరుసలు చూపి, 12 కొడితే ఏమొస్తుందని అడగాలి. 900 అని జవాబిస్తే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోవడం మంచిది.